ఆమె అంచనా తప్పు కాదు

గత ఏడాది హైదరాబాద్ శివార్లలోని ఒక వసతి జూనియర్ కళాశాలవారు పరీక్షల ఒత్తిడి మీద విద్యార్థులతో మాట్లాడమని నన్ను పిలిచారు. మనస్తత్వశాస్త్రం బోధించేవాడిని కనుక ఇలాంటి పిలుపులు వస్తూనే ఉంటాయి. నిర్వాహకులు నా నుంచి ఏం ఆశిస్తారో కూడా తెలుసు. భయపడవద్దనీ, సానుకూలంగా ఆలోచించమనీ, కంటినిండా నిద్రపొమ్మనీ, శ్వాస మీద ధ్యాస పెట్టమనీ చెప్పాలి. ఆ రోజు నేనూ దాదాపు అదే చెప్పాను. సభ ముగిశాక ఒక విద్యార్థిని గుమ్మం దగ్గర నిలబడింది. నీట్ కోసం చదువుతోంది. నేను దగ్గరకు వెళ్లాక, చాలాసేపు లోలోపల కూడబలుక్కున్నట్టుగా ఒకే ప్రశ్న అడిగింది. ‘‘భయపడొద్దన్నారు కద సార్. భయపడకుండ ఉండనీకి నా దగ్గర ఏమున్నది?’’

ఆ అమ్మాయి పాఠ్యపుస్తకం చదవకుండానే నా శాస్త్రంలోని ఒక ముఖ్య సిద్ధాంతం సారాన్ని ఒక్క వాక్యంలో నా ముందు పెట్టింది. అప్పటిదాకా వేదిక మీద నేను చెప్పినదంతా ఆ సిద్ధాంతానికి సగం మాత్రమేనని కూడా గుర్తు చేసింది. ఈ వ్యాసం ఆ మిగిలిన సగం గురించి.

రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 1984లో ఒత్తిడి మీద ఒక గ్రంథం ప్రచురించారు. ఒత్తిడి అనేది పరీక్షలోనూ ఉండదు, విద్యార్థిలోనూ ఉండదు, ఆ రెంటి మధ్య సంబంధంలో పుడుతుందన్నది వారి ప్రతిపాదన. మనిషి తనకు ఎదురైన పరిస్థితిని రెండు విధాలుగా మదింపు చేసుకుంటాడు. ఇందులో నాకు పోయేదేమిటి, వచ్చేదేమిటి అన్నది ప్రాథమిక మదింపు. దీన్ని ఎదుర్కోవడానికి నా దగ్గర ఏముంది, నేనేం చేయగలను అన్నది ద్వితీయ మదింపు. మొదటిది, రెండవది అన్నవి పేర్లే తప్ప ఒకదాని తర్వాత ఒకటి వచ్చే మెట్లు కావు. పోయేది పెద్దదై, చేతిలో ఉన్నది చిన్నదని తోస్తే ఆ పరిస్థితి ముప్పుగా కనిపిస్తుంది. చేతిలో ఉన్నది సరిపోతుందనిపిస్తే అదే పరిస్థితి సవాలుగా కనిపిస్తుంది. ఒకే ప్రశ్నపత్రం పక్కపక్క బెంచీల మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరికి సవాలు, మరొకరికి ముప్పు కావడానికి కారణం ఇదే.

మదింపును బట్టి ఎదుర్కొనే తీరు ఉంటుంది. దాన్నీ వారు రెండుగా చూశారు. పరిస్థితినే మార్చే ప్రయత్నం సమస్య కేంద్రితం. రాని అధ్యాయాన్ని నేర్చుకోవడం, సందేహం అడగడం, సమయపట్టికను మార్చుకోవడం ఈ కోవలోవి. పరిస్థితి వల్ల కలిగిన బాధను తగ్గించుకునే ప్రయత్నం ఉద్వేగ కేంద్రితం. స్నేహితురాలితో చెప్పుకోవడం, కాసేపు మరిచిపోవడం, అర్థాన్ని మార్చి చూసుకోవడం, దేవుడిని తలచుకోవడం ఇందులోకి వస్తాయి. ఒకటి గొప్పది, మరొకటి తక్కువది అని వారు అనలేదు. మార్చగలిగిన దాని మీద సమస్య కేంద్రిత ప్రయత్నం, మార్చలేని దాని మీద ఉద్వేగ కేంద్రిత ప్రయత్నం మేలు చేస్తాయన్నారు. ఈ జత తారుమారైతే నష్టం. మార్చగలిగిన దాన్ని భరించమనడం ఎంత తప్పో, మార్చలేని దానితో రాత్రింబవళ్లు తలపడమనడం కూడా అంతే తప్పు.

మన కళాశాలల్లో కౌన్సెలింగ్ పేరిట జరిగేదంతా ఎక్కువగా ఒక ఊహ మీద నిలబడి ఉంది. విద్యార్థి మదింపు తప్పు, దాన్ని సరిచేస్తే ఒత్తిడి పోతుంది అన్నదే ఆ ఊహ. కలిగిన ఇంటి పిల్లవాడి విషయంలో ఇది కొంతవరకు నిజం కావచ్చు. సీటు రాకపోతే ప్రపంచం మునిగిపోతుందని అతడు అనుకుంటే, మునిగిపోదని చెప్పవచ్చు. మేనేజ్‌మెంట్ సీటో, విదేశమో, కుటుంబ వ్యాపారమో అతని వెనుక ఉంది. కానీ గుమ్మం దగ్గర నిలబడిన ఆ అమ్మాయికి అదే మాట చెబితే అబద్ధమవుతుంది.

ఆమె అనుమతితో, ఆనవాళ్లు మార్చి ఆమె సంగతి చెబుతాను. ఖమ్మం జిల్లాలోని ఒక దళితవాడ వారిది. తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ, తల్లి మిర్చి తోటల్లో కూలి. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు మాధ్యమం. కళాశాల, వసతి రుసుముల కోసం తండ్రి 1,20,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అంటే నెలకు 3,600 రూపాయల వడ్డీ. ఆ అంకె ఆమెకు కంఠతా వచ్చు. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గిన ప్రతిసారీ ఆమె ఆ అంకెను తలచుకుంటుంది. ‘‘నాయిన మోసే బస్తాలు లెక్కేసుకుంటా సార్’’ అంది. ఆమె ప్రాథమిక మదింపులో తప్పు ఎక్కడుంది? పోయేది నిజంగానే పెద్దది. దాన్ని చిన్నదిగా చూడమని చెప్పే హక్కు నాకు లేదు.

కనుక నేను రెండో మదింపు దగ్గరకు వెళ్లాను. నా దగ్గర ఏమీ లేదు అన్న ఆమె మాట ఎంతవరకు నిజమో చూడాలంటే ఆ మాటను విడదీయాలి. గత వారపు పరీక్ష జవాబు పత్రం తెమ్మన్నాను. ఆమె ఇబ్బందిపడింది. మూడు వారాలుగా ‘కీ’తో సరిచూసుకోవడం మానేసిందట. మార్కు చూసి కాగితాన్ని పెట్టె అడుగున దాచేస్తోంది. ఇది గమనించవలసిన గుర్తు. తప్పులు చూసుకోవడం మానేసిన విద్యార్థి సోమరి అయ్యాడని అధ్యాపకులు అనుకుంటారు. నిజానికి తాను మార్చగలిగినది ఏమీ లేదని ఆ విద్యార్థి తీర్మానించుకున్నాడన్నమాట. మార్చలేనిది అనుకున్నప్పుడు మనిషి దాని వైపు చూడకుండా తప్పుకుంటాడు. అది సిద్ధాంతం చెప్పినట్టే జరుగుతుంది.

పత్రం తెచ్చింది. నీట్ తరహాలో 180 ప్రశ్నలు, 720 మార్కులు. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. జీవశాస్త్రంలోని 90 ప్రశ్నల్లో 70 సరైనవి, 18 తప్పులు, రెండు వదిలేసినవి. అంటే 262 మార్కులు. రసాయనశాస్త్రంలో 20 సరైనవి, 20 తప్పులు, ఐదు వదిలేసినవి. 60 మార్కులు. భౌతికశాస్త్రంలో 45కు 45 రాసింది. 14 సరైనవి, 31 తప్పులు. 25 మార్కులు. మొత్తం 347. ఈ మూడో వరుస చూపించి ‘‘నాకు ఫిజిక్స్ బుర్ర లేదు సార్’’ అంది. ఆ మాట ఆమెది కాదు. ఎవరి నుంచో విని నమ్మిన మాట.

ఆ 31 తప్పులను ఇద్దరం కూర్చొని, ఆ కళాశాలలోనే పనిచేసే ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడి సాయంతో మూడు కుప్పలుగా వేరు చేశాం. పది తప్పులు ఆమెకు అసలు పాఠమే అందని అధ్యాయాలవి. భ్రమణ గమనం, ఏకాంతర విద్యుత్ ప్రవాహం వంటివి. తొమ్మిది తప్పులు పద్ధతి సరిగ్గా పట్టుకుని చివర లెక్కలో, ముఖ్యంగా పది ఘాతాల దగ్గర తడబడినవి. మిగిలిన 12 ప్రశ్నలు ఇంగ్లిష్ వాక్యం దగ్గరే ఆగిపోయినవి. ఒక ప్రశ్నలో ‘లైట్ స్ట్రింగ్’ అని ఉంది. ద్రవ్యరాశిని లెక్కలోకి తీసుకోనక్కర లేనంత తేలికైన తాడు అని దాని అర్థం. ఆమె దాన్ని కాంతికి సంబంధించిన ప్రశ్న అనుకుంది. ‘స్మూత్’ తలం అంటే ఘర్షణ లేదని అర్థమనీ, ఘర్షణ బలాన్ని వదిలేయవచ్చనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ 12 ప్రశ్నలను తెలుగులో చదివి వినిపిస్తే ఏడింటిని అక్కడికక్కడే చేసింది. ఒక తప్పు ఒప్పైతే పోయిన మార్కు తిరిగివచ్చి, నాలుగు మార్కులు కలుస్తాయి. అంటే ఐదు మార్కుల తేడా. ఏడు ప్రశ్నలకు 35 మార్కులు. ఆ 35 మార్కులూ భౌతికశాస్త్రం రాక పోయినవి కావు.

‘‘నాకు బుర్ర లేదు’’ అన్న ఒక్క తీర్మానం మూడు వేర్వేరు సంగతులుగా విడిపోయింది. లెక్కలో తడబాటును ఆమె తానే మార్చుకోగలదు. పాఠం అందకపోవడాన్ని అధ్యాపకుడు మార్చగలడు. భాష అడ్డాన్ని తొలగించవలసింది సంస్థ. నీట్ పరీక్షను తెలుగులో రాసే అవకాశం ఉంది. తెలుగు ఎంచుకున్నవారికి ఇంగ్లిష్, తెలుగు రెండూ పక్కపక్కన ఉన్న ప్రశ్నపత్రం ఇస్తారు. కానీ దాన్ని దరఖాస్తు సమయంలోనే ఎంచుకోవాలి. ఆ కళాశాలలో దరఖాస్తులన్నీ ఆఫీసులోనే నింపారు. మాధ్యమం అన్న గడిలో అందరికీ ఇంగ్లిష్ అనే పెట్టేశారు. ఆమెను అడిగినవారు లేరు. అడగవచ్చని ఆమెకు తెలియదు. మేం ఈ సంగతి కనుక్కునేసరికి గడువు దాటిపోయింది. ఇంత సానుకూల ఆలోచనా ఆ గడిలోని మాటను మార్చలేదు.

ఇక్కడ కులం ఎక్కడుంది అని కొందరు అడుగుతారు. పేదరికం, గ్రామీణ నేపథ్యం, భాష అన్ని కులాల్లోనూ ఉన్నాయి కదా అంటారు. నిజమే, ఉన్నాయి. అయితే మదింపు అనేది మనిషి ఒంటరిగా, ఖాళీ గదిలో చేసుకునేది కాదు. నువ్వెవరివో చుట్టూ ఉన్నవారు నిత్యం చెబుతూ ఉంటే, నా దగ్గర ఏముంది అన్న ప్రశ్నకు జవాబు ఆ మాటల్లోంచే వస్తుంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో బడిపిల్లల మీద చేసిన ప్రయోగం దీనికి బలమైన ఆధారం. అగ్రకులాల బాలురకూ, అణగారిన కులాల బాలురకూ కాగితం మీది చిక్కుదారుల బొమ్మలు ఇచ్చి దారి కనుక్కోమన్నారు. ఎన్ని కనుక్కుంటే అంత డబ్బు. కులం ప్రస్తావన లేనప్పుడు రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రతి పిల్లవాడి పేరుతో పాటు కులాన్ని అందరి ముందూ ప్రకటించాక, అణగారిన కులాల పిల్లల పనితీరు స్పష్టంగా పడిపోయింది. బుర్ర అదే, బొమ్మలూ అవే. మారింది, తమ ముందున్న పరిస్థితిని వారు చేసుకున్న మదింపు.

మన కళాశాలల్లో ఈ ప్రకటన ప్రయోగంలోలా ఒకసారి జరిగి ఆగదు. ఉపకార వేతనాల జాబితా తరగతిలో బిగ్గరగా చదువుతారు. ‘‘నీకేంట్రా, నీకు ఎంత వచ్చినా సీటొస్తుంది’’ అని తోటి విద్యార్థి నవ్వుతూ అంటాడు. తొంభైలలో నేను ఎంసెట్‌కు చదివేటప్పుడు హాజరు పట్టికలో నా పేరు పక్కన ఎర్రసిరాతో రెండక్షరాలు ఉండేవి. పట్టిక మా బెంచీ మీదుగా పోయిన ప్రతిసారీ నేను తల దించుకునేవాడిని. ఆ నవ్వుతూ అన్న మాట మదింపును ఎలా దెబ్బతీస్తుందో చూడండి. ఒక పరిస్థితి సవాలుగా కనిపించాలంటే గెలిస్తే దక్కేది ఏదో ఉండాలి. ఈ మాట ఆ దక్కేదాన్నే తీసేస్తుంది. సీటు రాకపోతే ‘రిజర్వేషన్ ఉన్నా రాలేదు’ అంటారు. వస్తే ‘రిజర్వేషన్ వల్ల వచ్చింది’ అంటారు. ఓడినా పోయేది ఉంది, గెలిచినా పూర్తిగా దక్కేది లేదు. అలాంటి పరీక్షను ముప్పుగా చూడటం ఆ విద్యార్థి మానసిక బలహీనత ఎలా అవుతుంది?

ఎదుర్కొనే మార్గాలకు కూడా కులం వేర్వేరు ధరలు కడుతుంది. సందేహాలు అడగడానికి సాయంత్రం ఒక గంట కేటాయించామని ఆ కళాశాల గర్వంగా చెప్పుకుంటుంది. సందేహం అడగడం మంచి సమస్య కేంద్రిత పద్ధతే. కానీ ఇంగ్లిష్‌లో అడగలేని అమ్మాయి, చివరి సెక్షన్ అమ్మాయి, అందరికీ కులం తెలిసిన అమ్మాయి ఆ గంటలో లేచి నిలబడితే ప్రశ్నతో పాటు తనను తాను బయటపెట్టుకోవాలి. ఆమె అడగదు. అడగకపోవడం వల్ల పాఠం రాదు. రాకపోవడం చూసి ‘వీళ్లింతే’ అన్న మాట బలపడుతుంది. ఇంటికి ఫోన్ చేయడం కూడా ఆమె తగ్గించేసింది. మార్కుల సంగతి తండ్రికి చెప్పి బాధపెట్టలేదు, అబద్ధమూ చెప్పలేదు. కనుక మౌనం ఎంచుకుంది. తండ్రిని కాపాడాలన్న ప్రేమతో తనకున్న ఒక్క ఆసరానూ తానే దూరం చేసుకుంది. వార్డెన్ మాత్రం దీన్ని ‘చదువు మీద శ్రద్ధ పెరిగింది’ అని రాసుకున్నారు.

వారాంతపు పరీక్షల గురించి కూడా ఒక మాట చెప్పాలి. లాజరస్, ఫోక్‌మన్‌లు 1985లో ప్రచురించిన ఒక అధ్యయనంలో విశ్వవిద్యాలయ విద్యార్థులను ఒకే పరీక్ష చుట్టూ మూడు దశల్లో పరిశీలించారు. పరీక్షకు ముందు, పరీక్ష అయ్యాక ఫలితాల కోసం ఎదురుచూసే రోజుల్లో, ఫలితాలు వచ్చాక. పరీక్షకు ముందు సమస్య కేంద్రిత ప్రయత్నాలు ఎక్కువగా ఉన్నాయి. రాయడం అయిపోయాక, ఇక చేయగలిగింది లేని రోజుల్లో, విద్యార్థులు ఆ విషయాన్ని దూరం పెట్టారు. అంటే ఒకే మనిషి ఒకే పరీక్షకు దశను బట్టి పద్ధతి మార్చుకుంటాడు. అది ఆరోగ్యకరమైన కదలిక. మన వసతి కళాశాలల్లో ఆ కదలికకు చోటు లేదు. ఆదివారం పరీక్ష, సోమవారం ర్యాంకులు, మంగళవారం నుంచి మళ్లీ వచ్చే ఆదివారానికి సన్నాహం. దూరం పెట్టవలసిన సమయం ఎప్పుడూ రాదు. దానికి తోడు ర్యాంకును బట్టి సెక్షన్ మారుతుంది. సెక్షన్‌తో పాటు బోధించే అధ్యాపకుడు మారతాడు. పై సెక్షన్‌కు అనుభవజ్ఞులు, కింది సెక్షన్‌కు కొత్తవారు. కింద పడినవారికి వనరులు తగ్గించి, ఎందుకు పైకి రాలేదని అడిగే ఏర్పాటు ఇది. నా దగ్గర ఏముంది అన్న ప్రశ్నకు సంస్థే ప్రతివారం ‘ఇంకా తక్కువ’ అని జవాబు రాసిస్తోంది.

తర్వాత ఐదు వారాలు మేం చేసింది పెద్దదేమీ కాదు. ఆ అధ్యాపకుడు ప్రశ్నల్లో తరచు వచ్చే యాభై ఇంగ్లిష్ మాటలకు తెలుగు అర్థాలు రాసి ఇచ్చాడు. సందేహాలను చీటీ మీద తెలుగులో రాసి పెట్టెలో వేసే ఏర్పాటు చేశాడు. ఆ పెట్టెలో ఆమెవి మాత్రమే కాదు, ఇంకా చాలామంది చీటీలు పడ్డాయి. పత్రం వచ్చిన మర్నాడు తప్పులను మూడు కుప్పలుగా వేరుచేయడం ఆమెకు అలవాటైంది. ఆదివారం సాయంత్రం పుస్తకం ముట్టవద్దని చెప్పాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మార్కు బదులు ఈ వారం ఏ కుప్ప తగ్గిందో చెప్పమన్నాను. ఐదో వారం భౌతికశాస్త్రంలో 22 సరైనవి, 15 తప్పులు, ఎనిమిది వదిలేసినవి. 73 మార్కులు. పరీక్ష పేరు చెబితే కడుపులో తిప్పడం పోలేదు. కానీ జవాబు పత్రాన్ని పెట్టె అడుగున దాచడం మానేసింది. మార్కుల కంటే నాకు అదే ముఖ్యమైన గుర్తు.

ఆ ఏడాది ఆమెకు ఎంబీబీఎస్ సీటు రాలేదు. ఈ సంగతి దాచి, విజయగాథలా ముగిస్తే నేను కూడా ఆ సానుకూల ఉపన్యాసకుల వరుసలోకే చేరతాను. అడ్డాన్ని తప్పించడానికి దొరికిన సమయం చాలలేదు. దరఖాస్తు గడి మారలేదు. సెక్షన్ మారలేదు. ఇప్పుడామె ఖమ్మంలో డిగ్రీ చదువుతోంది. అప్పు ఇంకా తీరలేదు. మొన్న ఫోన్లో ‘‘ఫిజిక్స్ రాదని ఇప్పుడైతే అనుకుంటలేను సార్’’ అంది. రెండేళ్ల ముందే ఎవరైనా ఆమె తప్పులను ఇలా వేరుచేసి చూపి ఉంటే ఏమై ఉండేదో అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

ఈ సిద్ధాంతానికీ పరిమితులున్నాయి. మదింపు వ్యక్తి మనసులో జరుగుతుంది కనుక మార్పు కూడా అక్కడే జరగాలని దాన్ని వంకరగా చదవడం సులువు. కళాశాలలకు అది సౌకర్యం కూడా. ఒక ఉపన్యాసం పెట్టిస్తే బాధ్యత తీరిపోతుంది. కానీ ఆ ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పింది మనిషికీ పరిస్థితికీ మధ్య సంబంధం గురించి. సంబంధానికి రెండు కొసలుంటాయి. ఒక కొసను మాత్రమే పట్టుకుని లాగితే అది వైద్యం కాదు, నింద. అలాగే, ఆశ పూర్తిగా పోయినప్పుడు, నిద్రా తిండీ మానేసినప్పుడు, తాను ఎవరికీ అక్కర్లేదన్న మాటలు వచ్చినప్పుడు జవాబు పత్రాల విశ్లేషణ సరిపోదు. అది వైద్య సహాయం అందవలసిన సమయం. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా మాట్లాడుతుంది. ప్రతి హాస్టల్ గోడ మీద ర్యాంకుల జాబితా కంటే ముందు ఆ నంబరు ఉండాలి.

రెండో కొసను పట్టుకోవడానికి ఇప్పుడు చట్టబద్ధమైన ఆధారం ఉంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. చట్టం వచ్చేదాకా అవి దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ, శిక్షణ కేంద్రాలకూ, హాస్టళ్లకూ వర్తిస్తాయని చెప్పింది. మార్కులను బట్టి బ్యాచ్‌లను విడదీయడం, విద్యార్థులను బహిరంగంగా అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలని వాటిలో ఉంది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని ఉంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వంటి వర్గాల విద్యార్థులతో వివక్ష లేకుండా మెలగడానికి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని ఉంది. నేను పైన రాసిన సెక్షన్ల సంగతిని ఈ మార్గదర్శకాల పక్కన పెట్టి చదవండి. మన రాష్ట్రాల్లో ఎన్ని కళాశాలలు వీటిని అమలు చేస్తున్నాయో విద్యార్థి సంఘాలు హాస్టల్ హాస్టల్‌కూ వెళ్లి అడగవలసిన సమయం ఇది.

అడగడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు చాలు. సెక్షన్లు దేన్ని బట్టి చేశారు, ఏ సెక్షన్‌కు ఎవరు బోధిస్తున్నారు? దరఖాస్తులో మాధ్యమం గడిని విద్యార్థిని అడిగి నింపారా, తెలుగులో రాయదలచినవారికి నమూనా పరీక్షలు తెలుగులో పెట్టారా? కులానికి సంబంధించిన జాబితాలు తరగతిలో చదువుతున్నారా? కౌన్సెలర్ ఉంటే, విద్యార్థి చెప్పింది విని కళాశాలలో ఏదైనా మార్పించే అధికారం ఆ కౌన్సెలర్‌కు ఉందా? చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. ఆ అధికారం లేని కౌన్సెలర్ విద్యార్థికి భరించడం మాత్రమే నేర్పగలడు.

నేను ఇప్పటికీ కళాశాలల పిలుపులకు వెళుతున్నాను. అయితే ముందుగా ఒక షరతు పెడుతున్నాను. విద్యార్థులతో గంట మాట్లాడితే, ఆ తర్వాత యాజమాన్యంతోనూ, అధ్యాపకులతోనూ మరో గంట మాట్లాడాలి. మొదటి గంటలో పిల్లలు చెప్పినదాన్ని, పేర్లు లేకుండా, రెండో గంటలో చదివి వినిపిస్తాను. ఈ షరతుకు ఒప్పుకున్నవారు తక్కువ. ఒప్పుకున్నచోట మాత్రం విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్నలు మారాయి. భయం ఎలా పోతుందని అడిగే బదులు, ఫలానా అధ్యాయం మాకు మళ్లీ ఎప్పుడు చెబుతారని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది నేను కాదు.